కొత్తగా ట్రేడింగ్ ఖాతా తెరిచేవారికి: ప్లాన్ ఎంచుకునే ముందు వేసుకోవాల్సిన లెక్క

ట్రేడింగ్ ప్లాట్‌ఫాంల ధరల పేజీ తెరిస్తే సాధారణంగా మూడు ప్లాన్లు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి ఉచితం, ఒకటి మధ్యరకం, మూడోది ‘ప్రో’ అనో మరోటనో పేరున్న ఖరీదైనది. కొత్తవాళ్లు నెలవారీ చందా చూసి తేల్చేస్తారు. అసలు ఖర్చు మాత్రం చందాలో కాకుండా ఆ కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. కనీస బ్రోకరేజి ఎంత, శ్లాబులు ఎలా లెక్కిస్తారు, చార్టులో కనిపించే ధర ఎన్ని నిమిషాల పాతది, మార్జిన్ అప్పు మీద వడ్డీ ఎంత, ఎప్పుడు షేర్లు అమ్మేస్తారు. ఈ మార్గదర్శిలో ఒకే ఉదాహరణ తీసుకుని వీటన్నిటినీ లెక్క కడదాం. అంకెల పక్కన కరెన్సీ పేరు పెట్టలేదు. మీ దేశపు డబ్బు ఏదైతే అది అనుకోండి. రేట్లు కూడా ఉదాహరణ కోసం పెట్టుకున్నవే. మీ బ్రోకర్ రేట్లు వాటి స్థానంలో పెడితే లెక్క అలాగే నడుస్తుంది.

మన ముందున్న ప్లాన్లు ఇవి:

| | ఎ | బి | సి |
|---|---|---|---|
| నెల చందా | లేదు | 250 | 900 |
| ఒక్కో ఆర్డర్‌కు బ్రోకరేజి | 0.30 శాతం | 0.10 శాతం | ఎంతదైనా 10 |
| కనీస బ్రోకరేజి | 25 | 15 | వర్తించదు |
| ధరలు | 15 నిమిషాల ఆలస్యం | లైవ్ | లైవ్ |
| మార్జిన్ వడ్డీ, ఏడాదికి | 14 శాతం | 11 శాతం | 9 శాతం |

మొదటి మెట్టు: మీ నెల ఎలా ఉంటుందో రాసుకోండి

కాగితం మీద రెండు అంకెలు వేయండి: నెలకు ఎన్ని ఆర్డర్లు పెడతారు, ఒక్కో ఆర్డర్ సగటు విలువ ఎంత. షేరు కొనడం ఒక ఆర్డర్, అమ్మడం ఇంకో ఆర్డర్. ఆరు షేర్లు కొని అమ్మితే పన్నెండు ఆర్డర్లన్నమాట. ఇక్కడే చాలామంది సగం లెక్క వేసి ఊరుకుంటారు.

మన ఉదాహరణలోని వ్యక్తి నెలకు 12 ఆర్డర్లు పెడతాడు, ఒక్కోటి 12,000 విలువ. మొత్తం టర్నోవర్ 1,44,000. మీకింకా అనుభవం లేక అంకె తెలియకపోతే, మనసుకు తోచినదానిలో సగం వేసుకోండి. ఖాతా తెరిచిన ఉత్సాహంలో ఊహించే ఆర్డర్ల సంఖ్య నిజంగా పెట్టేవాటికంటే ఎక్కువే ఉంటుంది.

రెండో మెట్టు: కనీస బ్రోకరేజిని కలిపి లెక్క కట్టండి

ప్లాన్ ఎ లో 12,000కి 0.30 శాతం అంటే 36. ఇది కనీసమైన 25 కంటే ఎక్కువ కాబట్టి 36 పడుతుంది. పన్నెండు ఆర్డర్లకు 432. ప్లాన్ బి లో 12,000కి 0.10 శాతం అంటే 12 మాత్రమే. కానీ కనీసం 15 కాబట్టి 15 పడుతుంది. పన్నెండింటికి 180, చందా 250 కలిపితే 430. ప్లాన్ సి లో 120, చందా 900 కలిపి 1,020.

ఎ, బి దాదాపు సమానమయ్యాయి. పేజీలో చూస్తే 0.30కీ 0.10కీ మూడు రెట్ల తేడా, చేతికొచ్చే బిల్లులో తేడా రెండంటే రెండు.

ఇప్పుడు ఆర్డర్ సైజు 5,000కి తగ్గించి చూడండి. ప్లాన్ ఎ లో 0.30 శాతం అంటే 15, కానీ కనీసం 25 పడుతుంది. అంటే మీరు నిజంగా కడుతున్నది అర శాతం. కొనేటప్పుడు అర, అమ్మేటప్పుడు అర కలిపి, షేరు ఒక శాతం పెరిగితే గానీ మీ బ్రోకరేజి మీకు తిరిగి రాదు. చిన్న చిన్న మొత్తాలతో నేర్చుకుంటానని మొదలుపెట్టేవారికి తగిలే దెబ్బ ఇదే. శాతం చూసి మోసపోకుండా, కనీస బ్రోకరేజిని ఆ శాతంతో భాగించండి. 25ను 0.30 శాతంతో భాగిస్తే 8,333 వస్తుంది. అంతకంటే చిన్న ఆర్డర్ పెడితే పేజీలో రాసిన రేటు మీకు వర్తించదు.

ఒక ప్లాన్ నుంచి ఖరీదైన దానికి మారడం ఎప్పుడు గిట్టుబాటవుతుందో తెలుసుకునే సూత్రం చిన్నదే:

```
గిట్టుబాటు ఆర్డర్లు = చందాల తేడా ÷ ఒక్కో ఆర్డర్‌పై మిగులు
```

బి నుంచి సి కి మారాలంటే చందా తేడా 650. మన మనిషికి 12,000 విలువైన ఒక్కో ఆర్డర్ మీద మిగిలేది 15 లోంచి 10 తీస్తే 5. అంటే నెలకు 130 ఆర్డర్లు పెట్టకపోతే సి దండగే. అదే ఒక్కో ఆర్డర్ 60,000 అయితే బి లో 60, సి లో 10, మిగులు 50. అప్పుడు 13 ఆర్డర్లకే గిట్టుబాటవుతుంది. ఫ్లాట్ రుసుము పెద్ద ఆర్డర్ల వాడికి మేలు, చిన్న ఆర్డర్ల వాడికి అలంకారం.

ఇంకో చిన్న మెలిక ఉంది. ‘ఆర్డర్‌కు’ అంటే బ్రోకర్ దృష్టిలో ఏమిటో నిబంధనల్లో చదవండి. మీరు చెప్పిన ధరకో అంతకంటే మేలైన ధరకో మాత్రమే నెరవేరే ఆర్డర్‌ను లిమిట్ ఆర్డర్ అంటారు. 400 షేర్లకు అలాంటిది పెడితే ఈరోజు 150, రేపు 250 దొరకొచ్చు. రోజు మారితే కొత్త ఆర్డర్‌గా లెక్కించే చోట్ల కనీస బ్రోకరేజి రెండుసార్లు పడుతుంది. పెద్దగా కొనుగోళ్లు అమ్మకాలు జరగని షేర్లలో ఇది తరచూ ఎదురవుతుంది.

ఎక్స్ఛేంజి రుసుములు, పన్నులు ఏ ప్లాన్‌లోనైనా సాధారణంగా ఒకటే కాబట్టి ప్లాన్లు పోల్చేటప్పుడు వాటిని పక్కన పెట్టొచ్చు. లాభం లెక్కించేటప్పుడు మాత్రం మరవకండి.

మూడో మెట్టు: శ్లాబులు ఎలా పనిచేస్తాయో అడగండి

కొన్ని ప్లాన్లలో టర్నోవర్ పెరిగే కొద్దీ రేటు తగ్గుతుంది. ‘5,00,000 వరకు 0.10 శాతం, ఆపైన 0.06 శాతం’ అని రాసి ఉందనుకోండి. మీ నెల టర్నోవర్ 6,00,000. బిల్లెంత?

దీనికి రెండు జవాబులున్నాయి. తక్కువ రేటు పైన మిగిలిన లక్షకే వర్తిస్తే, మొదటి ఐదు లక్షలకు 500, మిగతా లక్షకు 60, మొత్తం 560. గీత దాటగానే మొత్తానికీ తక్కువ రేటే అయితే 360. ఒకే వాక్యం, 200 తేడా. ఎక్కువ చోట్ల మొదటి పద్ధతే ఉంటుంది, కాబట్టి రాతపూర్వకంగా స్పష్టత లేనప్పుడు 560 అనే అనుకోండి. పైగా కొందరు పోయిన నెల టర్నోవర్‌ను బట్టి ఈ నెల రేటు నిర్ణయిస్తారు. అప్పుడు గీత దాటిన నెలలో లాభమేమీ కనపడదు.

శ్లాబు అందుకోవడం కోసం అనవసరంగా కొని అమ్మడం మాత్రం లెక్క తెలిసినవాడు చేసే పని కాదు. పైన చెప్పిన మొదటి పద్ధతిలో ఇంకో లక్ష టర్నోవర్‌కు మీరు ఎలాగూ 60 కడతారు, మిగిలేది ఊహే.

నాలుగో మెట్టు: ధర ఎంత పాతదో పరీక్షించండి

లైవ్ ధరలు ఎక్స్ఛేంజీలు అమ్ముకునే సరుకు. వాటికి లైసెన్సు రుసుము ఉంటుంది. ఆలస్యంగా ఇచ్చే డేటాకు ఆ రుసుము ఉండదు, ఉన్నా తక్కువే. అందుకే చాలా ఉచిత ప్లాన్లలో ధరలు 15 నిమిషాలో 20 నిమిషాలో ఆలస్యంగా వస్తాయి. లైవ్ డేటా తీసుకునేటప్పుడు మీరు వృత్తిరీత్యా ట్రేడరా, సొంత డబ్బుతో కొనుక్కునే మామూలు మనిషా అని ఒక పత్రం నింపమంటారు. వృత్తిదారులకు రుసుము చాలా ఎక్కువ ఉంటుంది కాబట్టి ఆ ప్రశ్నను చదవకుండా టిక్కు పెట్టకండి.

పరీక్ష ఇలా చేయండి. మార్కెట్ నడుస్తున్న సమయంలో బాగా ట్రేడ్ అయ్యే ఒక షేరు తెరిచి, చివరి ట్రేడ్ పక్కన ఉన్న సమయాన్ని గడియారంతో పోల్చండి. తర్వాత అదే పరీక్ష చార్టులో, ఆర్డర్ పెట్టే విండోలో, వాచ్‌లిస్టులో విడివిడిగా చేయండి. ఒకే యాప్‌లో ఆర్డర్ విండోలో లైవ్ ధర, చార్టులో ఆలస్యపు ధర ఉండటం మామూలే. కొన్ని చోట్ల ధర లైవ్‌దే అయినా మీరు తాకినప్పుడు మాత్రమే మారుతుంది. అంకె కదలకుండా నిలబడి ఉంటే, మార్కెట్ నిలబడిందని అనుకోకండి.

ఇంకో రకం లోపం కూడా ఉంది. ఒకే షేరు అనేక ఎక్స్ఛేంజీల్లో ట్రేడ్ అయ్యే మార్కెట్లలో ఉచిత లైవ్ డేటా ఒక్క ఎక్స్ఛేంజిది మాత్రమే కావచ్చు. అప్పుడు ధర దాదాపు సరిగ్గానే ఉంటుంది కానీ చేతులు మారిన షేర్ల సంఖ్య, అంటే వాల్యూమ్, చాలా తక్కువగా కనిపిస్తుంది. వాల్యూమ్ చూసి నిర్ణయం తీసుకునేవారికి ఆ చార్టు పనికిరాదు.

ఆలస్యం వల్ల నష్టం ఎక్కడ జరుగుతుందో చూద్దాం. తెర మీద 240 కనిపిస్తోంది, అది 15 నిమిషాల క్రితం ధర. అసలు మార్కెట్ 252 కి వెళ్లిపోయింది. మీరు అప్పుడున్న ధరకే కొనే మార్కెట్ ఆర్డర్ పెడితే 252 దగ్గర కొంటారు, అనుకున్నదానికంటే 5 శాతం ఎక్కువ. అదే 240 కి లిమిట్ ఆర్డర్ పెడితే అది నెరవేరకుండా నిలబడుతుంది, డబ్బు మాత్రం పోదు. కాబట్టి ఆలస్యపు డేటా ఉన్నంత కాలం మార్కెట్ ఆర్డర్ బటన్ ముట్టుకోకపోవడమే మేలు.

ధర ఫలానా చోటికి పడితే దానంతటదే అమ్మేసే స్టాప్‌లాస్ విషయం ఇంకా తిరకాసు. మీ దగ్గర షేర్లున్నాయి, తెర మీద 240 చూసి 236 దగ్గర అమ్మకపు స్టాప్ పెట్టారు. అసలు ధర అప్పటికే 233. ఆ ఆర్డర్ పెట్టీ పెట్టగానే అమ్మకం జరిగిపోతుంది, లేదా బ్రోకర్ దాన్ని తిరస్కరిస్తాడు. స్టాప్ పెట్టిన క్షణంలోనే తగిలిందంటే, ముందుగా అనుమానించాల్సింది మీ డేటానే.

ఐదు నిమిషాల చార్టు చూసేవాడికి 15 నిమిషాల ఆలస్యమంటే, ఐదేసి నిమిషాల ధర కదలికను చూపే క్యాండిళ్లలో మూడు వెనకబడినట్టు. వారాల తరబడి ఉంచుకుని, రోజువారీ చార్టు చూసి, లిమిట్ ఆర్డర్‌తో కొనేవాడికి ఆ పావుగంట పెద్ద లెక్కలోది కాదు. మార్కెట్ ముగిశాక చూసే ముగింపు ధరకు ఆలస్యమే లేదు. మన ఉదాహరణ వ్యక్తి ఈ రెండో రకం.

ఐదో మెట్టు: చార్టులో ఇండికేటర్ల సంఖ్య కాకుండా డేటా నాణ్యత చూడండి

ప్లాన్ల పేజీలో ‘వందకు పైగా ఇండికేటర్లు’ అని ఊరిస్తారు. క్యాండిళ్లు, వాల్యూమ్, గత కొన్ని రోజుల సగటు ధరను గీతగా చూపే ఒకటి రెండు మూవింగ్ యావరేజిలు మొదలుపెట్టేవారికి చాలు. ఇవి ఉచిత ప్లాన్లలోనూ ఉంటాయి. చూడాల్సినవి రెండు.

మొదటిది, పాత ధరలను స్ప్లిట్లకు అనుగుణంగా సరిచేశారా లేదా. పరీక్షకు ఎన్విడియా చార్టు తెరిచి 2024 జూన్‌కు వెళ్లండి. ఆ నెల 10న ఒక షేరు పది షేర్లయి, ధర 1,200 దగ్గర నుంచి 120 దగ్గరకి వచ్చింది. సరిచేసిన చార్టులో ఆ రోజు ఏ అగాధమూ కనిపించదు, పాత ధరలన్నీ పదో వంతుగా ఉంటాయి. కొండచరియ విరిగినట్టు ఒక్కసారిగా పడిపోయి కనిపిస్తే ఆ చార్టు సరిచేయనిది. అప్పుడు 200 రోజుల మూవింగ్ యావరేజి నెలల తరబడి తప్పుడు స్థాయిలో తేలుతుంది. షేరు యావరేజి కంటే చాలా కింద ఉన్నట్టు కనిపించేది అందుకే. మీ ప్లాట్‌ఫాంలో అమెరికా షేర్లు లేకపోతే, ఇటీవల స్ప్లిట్ లేదా బోనస్ ఇచ్చిన ఏ కంపెనీతోనైనా ఇదే పరీక్ష చేయొచ్చు.

రెండోది, అలర్టులు. ధర ఫలానా చోటికి వచ్చినప్పుడు చెప్పమని పెట్టే అలర్టు బ్రోకర్ సర్వర్‌లో నడుస్తుందా, యాప్ తెరిచి ఉంటేనే నడుస్తుందా? అలర్టు పెట్టి యాప్ మూసేసి, సందేశం వస్తుందో లేదో చూస్తే తెలిసిపోతుంది. ఎన్ని రోజులకు దానంతటది రద్దవుతుందో, ఆలస్యపు డేటా మీద నడుస్తుందో కూడా కనుక్కోండి. ఆలస్యపు ధర మీద మోగే అలర్టు మనుషులు వెళ్లిపోయాక వినిపించే గంట లాంటిది.

ఆరో మెట్టు: మార్జిన్ నిబంధనల్లో మూడు అంకెలు వెతకండి

మార్జిన్ అంటే మీ షేర్లనూ డబ్బునూ తాకట్టుగా పెట్టుకుని బ్రోకర్ ఇచ్చే అప్పు. వెతకాల్సిన అంకెలు: మొదట మీరు పెట్టాల్సిన వాటా, తర్వాత ఎప్పుడూ నిలబెట్టాల్సిన కనీస వాటా, వడ్డీ. ఉదాహరణకు అమెరికాలో రెగ్యులేషన్ టి ప్రకారం మామూలుగా కొనుగోలు విలువలో 50 శాతం మీరు పెట్టాలి. బ్రోకర్లను పర్యవేక్షించే ఫిన్రా సంస్థ నియమాల ప్రకారం ఆ తర్వాత కనీసం 25 శాతం మీ వాటాగా నిలవాలి. బ్రోకర్లు దీన్ని 30, 40 శాతానికి పెంచుకోవచ్చు, పెంచుకుంటారు కూడా. ఒడుదొడుకులు ఎక్కువున్న షేర్లకు ఇంకా ఎక్కువ. ఇతర దేశాల్లో అంకెలు వేరు, పద్ధతి ఇదే.

మీ డబ్బు 50,000, అప్పు 50,000 తో ఒక షేరును 200 చొప్పున 500 షేర్లు కొన్నారనుకుందాం. కనీస వాటా 30 శాతం. వాటా తగ్గిందని, లోటు పూడ్చమని బ్రోకర్ అడిగే మార్జిన్ కాల్ ఏ ధర దగ్గర వస్తుంది?

```
మొత్తం విలువ = అప్పు ÷ (1 − కనీస వాటా)
50,000 ÷ 0.70 = 71,429
71,429 ÷ 500 = 142.86
```

షేరు 200 నుంచి 142.86 కి, అంటే దాదాపు 29 శాతం పడితే కాల్ వస్తుంది. అప్పటికి మీ 50,000 లో మిగిలింది 21,429. షేరు పడింది 29 శాతం, మీకు పోయింది 57 శాతం. ఇక బ్రోకర్ ఆ షేరు కనీస వాటాను 40 శాతానికి పెంచితే కాల్ వచ్చే ధర 166.67 అవుతుంది. ధర కదలకుండా నియమం కదిలినా కాల్ రావొచ్చు.

షేరు ఒక్కరాత్రిలో 130 కి పడిందనుకోండి. విలువ 65,000, అప్పు 50,000, మీ వాటా 15,000. ఉండాల్సింది 19,500. లోటు 4,500. ఇది నగదుగా కడితే 4,500 తో సరిపోతుంది. కట్టలేక షేర్లు అమ్మితే మాత్రం 15,000 విలువైనవి, అంటే 116 షేర్లు అమ్మాలి. కారణం, అమ్మిన డబ్బు అప్పు తీరుస్తుంది తప్ప మీ వాటాను పెంచదు. వాటా అదే 15,000, అది 30 శాతం కావాలంటే మొత్తం విలువ 50,000 కి తగ్గాలి. కొత్తవాళ్లు 4,500 లోటుకు 35 షేర్లు అమ్మి, మళ్లీ కాల్ ఎందుకొచ్చిందని ఆశ్చర్యపోయేది ఇక్కడే. ఒప్పందంలో ‘ముందస్తు సమాచారం లేకుండా అమ్మే హక్కు’ అనే వాక్యం ఉందేమో చూడండి. చాలా చోట్ల ఉంటుంది. గడువు ఇవ్వడం వాళ్ల మర్యాద, మీ హక్కు కాదు.

ఇక వడ్డీ. ప్లాన్ ఎ లో 14 శాతం చొప్పున 50,000 మీద 30 రోజులకు, ఏడాదికి 365 రోజుల లెక్కన 575. సంవత్సరాన్ని 360 రోజులుగా తీసుకునే బ్రోకర్ దగ్గర 583. ప్లాన్ బి లో 11 శాతం చొప్పున 452. శని ఆదివారాలకూ వడ్డీ నడుస్తుంది. అమ్మిన రోజునే వడ్డీ ఆగదు, సెటిల్మెంట్ అయ్యి డబ్బు ఖాతాలోకి వచ్చిన రోజున ఆగుతుంది. 500 షేర్ల మీద 575 అంటే షేరుకు 1.15. ఆ షేరు నెలకు అంత పెరిగితే మీరు ఉన్నచోట ఉన్నట్టు. పేజీలో పెద్ద అక్షరాల్లో కనిపించే తక్కువ వడ్డీ రేటు చాలాసార్లు భారీ అప్పులకే వర్తిస్తుంది, మీ మొత్తానికి ఏ రేటో పట్టికలో మొదటి వరుస చూడండి.

ఖాతా తెరిచేటప్పుడే మార్జిన్ ఖాతాగా తెరిచే చోట్ల ఇంకో ప్రమాదం ఉంది. తెర మీద ‘బయింగ్ పవర్’ అని కనిపించే అంకెలో అప్పు కూడా కలిసి ఉంటుంది. 50,000 జమ చేసినవాడికి లక్ష కనిపిస్తుంది. అది చూసి కొంటే తెలియకుండానే అప్పు పుట్టేస్తుంది. నగదు నిల్వ పేరుతో ఉన్న అంకెను మాత్రమే చూసి కొనండి, వీలైతే నగదు ఖాతానే అడగండి.

ఏడో మెట్టు: నిర్ణయం, ఆ తర్వాత మొదటి బిల్లు

మన మనిషికి ఎ, బి సమానమయ్యాయి కదా. తేల్చేది మందకొడి నెల. నాలుగే ఆర్డర్లు పెట్టిన నెలలో ఎ లో 144, బి లో 310. ఆర్డర్లే లేని నెలలో ఎ లో సున్నా, బి లో 250. అతను లిమిట్ ఆర్డర్లు వాడతాడు, వారాల తరబడి ఉంచుకుంటాడు, అప్పు చేయడు. కాబట్టి ఎ సరిపోతుంది. ఆర్డర్లు 20 దాటడం వరుసగా మూడు నెలలు జరిగితే, లేదా ఆర్డర్ సైజు పెరిగితే, సూత్రం మళ్లీ వేసి బి కి మారొచ్చు. మారే ముందు చందా వెనక్కిస్తారా, కింది ప్లాన్‌కి మళ్లీ దిగడం ఏ రోజు నుంచి అమల్లోకి వస్తుంది అన్నవి కనుక్కోవాలి. చాలా ప్లాన్లలో పైకెక్కడం వెంటనే, దిగడం బిల్లు నెల ముగిశాకే.

మొదటి ట్రేడ్ జరిగిన రోజు సాయంత్రం, ట్రేడ్ వివరాలూ రుసుములూ రాసి బ్రోకర్ పంపే కాంట్రాక్ట్ నోట్ తెరవండి. 12,000 ఆర్డర్‌కు బ్రోకరేజి గడిలో 36 ఉందా? 36 కాకుండా 50 ఉంటే ఆర్డర్ రెండు ముక్కలుగా లెక్కపడిందేమో, 15 గానీ 10 గానీ ఉంటే తెలియక వేరే ప్లాన్‌లో ఉన్నారేమో చూడండి. నెల బిల్లులో వడ్డీ కింద సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా, ఎక్కడో అప్పు వాడేశారన్నమాట. తేడా కనిపిస్తే ఆర్డర్ నంబర్ రాసి, ఏ నిబంధన ప్రకారం ఎంత పడాలో ఒక వరుస లెక్క జతచేసి సపోర్ట్‌కి పంపండి. లెక్కతో పంపిన ఫిర్యాదును తోసిపుచ్చాలంటే వాళ్లు కూడా లెక్కే చూపించాలి.